ఫ్రస్టమ్ కల్లింగ్, అక్లూజన్ కల్లింగ్: గదులు ఎక్కువున్న లెవెల్‌లో ఆదా లెక్క

"యూనిటీలో ఒక ఆసుపత్రి ఫ్లోర్ లెవెల్ చేస్తున్నాం. దాదాపు 60 గదులు, ఒక్కో గదిలో 50 దాకా వస్తువులు. ఫ్రస్టమ్ కల్లింగ్ ఎలాగూ దానంతట అదే జరుగుతుంది కదా, మళ్లీ అక్లూజన్ కల్లింగ్ బేక్ చేసుకోవడం అవసరమా? రెండిట్లో ఏది ఎక్కువ ఆదా చేస్తుంది? ఒక దగ్గర స్టాట్స్ చూస్తే ఫ్రస్టమ్ కల్లింగే ఎక్కువ వస్తువుల్ని తీసేస్తున్నట్టు కనిపించింది."

బేక్ చేసుకోండి. మీలాంటి లెవెల్‌లో అసలైన ఆదా అక్లూజన్ కల్లింగ్ దగ్గర, అంటే గోడల్లాంటివాటి వెనక దాగిన వస్తువుల్ని గీయకుండా వదిలేయడం దగ్గరే ఉంది. స్టాట్స్‌లో మీరు చూసిన అంకె అబద్ధం కాదు, కానీ దాన్ని చదివే తీరులో ఒక పొరపాటు దాగి ఉంది. చాలామంది అక్కడే ఆగిపోయి "ఫ్రస్టమ్ చాలు" అనుకుంటారు. కాబట్టి మీ ఫ్లోర్‌నే కాస్త సరళం చేసి, కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను.

8 వరసలు, వరసకి 8 గదులు అనుకుందాం. మొత్తం 64. ఒక్కో గది 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. గదికి 50 వస్తువులు: మంచం, సెలైన్ స్టాండ్, కుర్చీ, అల్మరా, ట్యూబ్‌లైటు, స్విచ్‌బోర్డు అన్నీ కలిపి. మొత్తం 3,200 వస్తువులు. ఆటగాడు ఫ్లోర్ మధ్యలో ఉన్న ఒక గది నడిమధ్య నిలబడి, ఎదుటి గోడలో తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తున్నాడు.

ముందు ఫ్రస్టమ్ కల్లింగ్ సంగతి. కెమెరా చూపు ఒక పిరమిడ్ ఆకారంలో ముందుకు పరుచుకుంటుంది. దానికి ఆరు తలాలు: ఎడమ, కుడి, పైన, కింద, దగ్గర, దూరం. ప్రతి వస్తువు చుట్టూ ఒక పెట్టెనో గోళాన్నో ఊహించుకుని, అది ఈ ఆరింటిలో ఏ ఒక్కదానికైనా పూర్తిగా బయట ఉందా అని ఇంజిన్ చూస్తుంది. గోళంతో చేస్తే పని ఇంతే:

```
for (int i = 0; i < 6; i++)
    if (Vector3.Dot(n[i], center) + d[i] < -radius)
        return false;
return true;
```

ఒక్కో వస్తువుకి మహా అయితే ఆరు డాట్ ప్రాడక్టులు. మధ్యలో గోడ ఉందా లేదా అన్న ప్రశ్నే ఇందులో లేదని గమనించండి. గోడ అవతలి మంచం, గోడ ఇవతలి మంచం రెండూ దీని దృష్టిలో ఒకటే.

యూనిటీలో కెమెరాకి మామూలుగా ఉండే ఫీల్డ్ ఆఫ్ వ్యూ నిలువుగా 60 డిగ్రీలు. 16:9 తెర మీద అది అడ్డంగా దాదాపు 91 డిగ్రీలు అవుతుంది. చుట్టూ ఉన్న 360 డిగ్రీలలో ఇది పావు వంతు. వస్తువులు ఫ్లోర్ అంతటా సమానంగా పరుచుకుని ఉన్నాయి కాబట్టి, మధ్యలో నిలబడి ఎటు చూసినా సుమారు పావు వంతు, అంటే 800 వస్తువులు పిరమిడ్ లోపల పడతాయి. మిగతా 2,400 పోతాయి. మీరు స్టాట్స్‌లో చూసిన పెద్ద అంకె ఇలాంటిదే అయి ఉంటుంది. (ఫోన్‌కి చేస్తుంటే ఒక మాట: 20:9 తెరను అడ్డంగా పట్టుకుంటే అదే 60 డిగ్రీల సెట్టింగ్ అడ్డంగా 104 డిగ్రీలు అవుతుంది. అంటే ఫోన్ మీద ఫ్రస్టమ్ కల్లింగ్ ఇంకాస్త తక్కువ తీసేస్తుంది.)

ఇప్పుడు ఆ 800లో నిజంగా కంటికి కనిపించేవి ఎన్ని? సొంత గదిలో చూపు పడే పావు భాగంలో సుమారు 12 వస్తువులు. ఎదురుగా 2.5 మీటర్ల దూరంలో 1 మీటరు వెడల్పు తలుపు ఉంది. ఆ తలుపు సందులోంచి కనిపించే కోణం దాదాపు 23 డిగ్రీలే. పక్క గదిలోకి వెళ్లేసరికి ఆ చూపు తలుపు దగ్గర 1 మీటరు వెడల్పుతో మొదలై, అవతలి గోడ దగ్గరికి 3 మీటర్లు అవుతుంది. ఆ ముక్క వైశాల్యం 10 చదరపు మీటర్లు. గది మొత్తం 25. అంటే పక్క గదిలో 40 శాతం, సుమారు 20 వస్తువులు. ఆ గదికి అవతలి తలుపు మూలగా ఉంది, మన చూపుకి అందదు అనుకుంటే లెక్క అక్కడితో ఆగిపోతుంది. 12, 20 కలిపి 32.

వస్తువుల్ని పెట్టెలుగా పరీక్షిస్తారు కాబట్టి అంచులో తగిలేవి కూడా లెక్కలోకి వచ్చి, నిజంగా ఇది 40, 50 దాకా పోవచ్చు. అయినా 800 ఎక్కడ, 50 ఎక్కడ!

ఇక స్టాట్స్ విషయానికి వద్దాం. ఈ లెక్క ప్రకారం ఫ్రస్టమ్ తీసేసినవి 2,400. దాని తర్వాత అక్లూజన్ తీసేసినవి 768. ఈ రెండంకెలు పక్కపక్కన పెడితే ఫ్రస్టమే మూడింతలు ఎక్కువ పనిచేసినట్టు ఉంటుంది. కానీ ఆ 2,400లో చాలా భాగం గోడల వెనకే ఉన్నాయి. ఫ్రస్టమ్ పరీక్ష ముందు జరిగింది కాబట్టి ఆ పేరంతా దాని ఖాతాలో పడింది, అంతే.

వరస తిరగేసి చూడండి. ముందు అక్లూజన్ చేస్తే, సొంత గదిలో 50, నాలుగు వైపులా నాలుగు తలుపుల్లోంచి 20 చొప్పున 80, మొత్తం 130 మిగులుతాయి. అక్లూజన్ ఖాతాలో 3,070. ఆ తర్వాత ఫ్రస్టమ్ తీసేసేవి 98. లెవెల్ అదే, కెమెరా అదే, చివరికి మిగిలేవి అవే 32. పేరు ఎవరికొచ్చిందన్నది వరస మీద ఆధారపడింది.

ఇది ఊహించి చెప్పే వరస కాదు. 1996లో వచ్చిన క్వేక్ గేమ్ ఇదే వరసలో పనిచేసింది. ఆ లెవెల్స్ అన్నీ దాదాపు లోపలి గదులూ నడవాలే. `vis` అనే టూల్ ముందుగానే గంటల తరబడి లెక్క వేసి, లెవెల్‌లోని ప్రతి చిన్న ఖాళీ ప్రదేశానికి "ఇక్కడ నిలబడితే ఏ ఏ ప్రదేశాలు కనిపించే అవకాశం ఉంది" అన్న జాబితాను బిట్ల రూపంలో, వరసగా వచ్చే సున్నాలను కుదించి దాచిపెట్టేది. గేమ్ నడిచేటప్పుడు ముందు ఆ జాబితా తీసి, దాంట్లో ఉన్నవాటికే ఫ్రస్టమ్ పరీక్ష చేసేవారు. 8 మెగాబైట్ల ర్యామ్ ఉన్న కంప్యూటర్ల మీద అది నడవడానికి ఈ జాబితా ఒక ముఖ్యమైన కారణం. యూనిటీలో మీరు చేసే బేక్ కూడా ఆ ఆలోచనకి దగ్గరి చుట్టమే. ఇంజిన్‌లో వాడిన అంబ్రా అనే లైబ్రరీ లెవెల్‌ను చిన్న చిన్న గడులుగా విడగొట్టి, గడికీ గడికీ మధ్య చూపు వెళ్తుందా లేదా అన్న సమాచారాన్ని దాచిపెడుతుంది.

కాబట్టి తీసేసినవి ఎన్ని అన్నది పక్కన పెట్టి, ఒకటి లేకపోతే ఎన్ని మిగులుతాయి అన్నది చూడాలి. అక్లూజన్ లేకపోతే 800. ఫ్రస్టమ్ లేకపోతే 130. రెండూ ఉంటే 32. అంటే అక్లూజన్‌ని ఆపేస్తే గీయాల్సిన పని 25 రెట్లు పెరుగుతుంది. ఫ్రస్టమ్‌ని ఆపేస్తే 4 రెట్లే పెరుగుతుంది.

లెవెల్ పెద్దదయ్యే కొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఫ్లోర్‌ను 16 వరసలు, వరసకి 16 గదులు చేయండి. 256 గదులు, 12,800 వస్తువులు. ఫ్రస్టమ్ మళ్లీ పావు వంతే ఉంచుతుంది, కాని ఆ పావు వంతు ఇప్పుడు 3,200. అక్లూజన్ కూడా ఉంటే మిగిలేవి ఇంకా ఆ 32 మాత్రమే, ఎందుకంటే మన చుట్టూ ఉన్న గోడలు మారలేదు. ఫ్రస్టమ్ తీసేది ఎప్పుడూ ఒక వంతు. అక్లూజన్ ఉంచేది మాత్రం దాదాపు స్థిరమైన సంఖ్య.

ఇంకో సంగతి కూడా ఉంది, ఆట ఆగి ఆగి నడిచినప్పుడు దీన్నే ముందు అనుమానించాలి. ఆటగాడు ఫ్లోర్ మూలనున్న గదిలో నిలబడి లోపలి వైపు చూశాడనుకోండి. 90 డిగ్రీల చూపులో ఫ్లోర్ మొత్తం పడిపోతుంది. అప్పుడు ఫ్రస్టమ్ తీసేసేది దాదాపు సున్నా. 3,200 వస్తువులూ గీయడానికి వెళ్తాయి. వెనక్కి తిరిగి గోడ వైపు చూస్తే దాదాపు ఏమీ ఉండవు. అంటే ఫ్రస్టమ్ మీదే ఆధారపడితే, తల తిప్పినప్పుడల్లా ఎఫ్‌పీఎస్ పడిలేస్తుంది. మీ టెస్టర్లు "ఈ గదిలో ఇటు చూస్తే మాత్రం జర్క్ వస్తోంది" అని చెబుతుంటే ముందు ఇదే చూడండి. పై అంతస్తులు కూడా ఉంటే పరిస్థితి ఇంకా కష్టం: కెమెరాను కాస్త కిందికి వంచితే కింది అంతస్తుల్లోని గదులు కూడా పిరమిడ్‌లోకి వచ్చేస్తాయి. శ్లాబు అడ్డుందని ఫ్రస్టమ్‌కి తెలియదు.

ఇక్కడ "గోడ వెనక ఉన్నది ఎలాగూ తెర మీద కనపడదు కదా, జీపీయూ దాన్ని వదిలేస్తుంది కదా" అన్న సందేహం రావచ్చు. సగం నిజం. దగ్గరున్న గోడను ముందు గీస్తే, దాని వెనకున్న మంచం పిక్సెళ్లు డెప్త్ పరీక్షలోనే ఆగిపోతాయి. వాటికి రంగు వేసే ఖర్చు తప్పుతుంది. కానీ అప్పటికే ఆ మంచం కోసం సీపీయూ డ్రా కాల్, అంటే గీయమనే ఆదేశం, పంపేసింది, జీపీయూ దాని ప్రతి వర్టెక్స్‌నీ లెక్కగట్టేసింది. 3,200 వస్తువులున్న చోట ఖర్చు ఎక్కువగా అక్కడే ఉంటుంది, ముఖ్యంగా ఫోన్లలో. అందుకే గదులు కిక్కిరిసిన లెవెల్‌లో అక్లూజన్ వల్ల ముందుగా తగ్గేది సీపీయూ సమయం, ఆ తర్వాత వర్టెక్స్ పని. పిక్సెల్ పని తగ్గేది కొంతే. మీ గేమ్ ఇప్పటికే పిక్సెళ్ల దగ్గర ఇరుక్కుని ఉంటే, అంటే తెర మొత్తం మీద బ్లర్లూ పొగలూ వేస్తుంటే, బేక్ చేశాక స్టాట్స్‌లో గీసే ఆదేశాల లెక్క చూపే Batches అంకె పడిపోయినా ఎఫ్‌పీఎస్ కదలకపోవచ్చు. దానికి కల్లింగ్‌ని తప్పుపట్టకండి. రెజల్యూషన్ సగానికి తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ వెంటనే ఎగిసిందంటే మీ సమస్య పిక్సెళ్లదే.

ఇక బేక్ సంగతి. Window > Rendering > Occlusion Culling తెరిస్తే మూడు అంకెలు కనిపిస్తాయి. Smallest Occluder మొదట 5 ఉంటుంది, Smallest Hole 0.25, Backface Threshold 100. చివరిదాన్ని ముట్టుకోవద్దు, బేక్ డేటా మరీ పెద్దదైతే అప్పుడు చూద్దాం. మొదటిది, ఎంత పెద్ద వస్తువైతే వేరేవాటిని దాచగలదని లెక్కలోకి తీసుకోవాలి అన్నది మీటర్లలో. ఊళ్లూ మైదానాలూ ఉన్న లెవెల్‌కి 5 సరిపోతుందేమో గాని, 5 మీటర్ల గదులకి, మధ్యలో 2, 3 మీటర్ల అడ్డుగోడలకి అది పెద్దదే. 2 దాకా తగ్గించి బేక్ చేసి, డేటా ఎంత పెరిగిందో, Batches ఎంత తగ్గిందో చూడండి. ఇంకా తగ్గించే కొద్దీ డేటా పెరుగుతుంది గాని లాభం అంతగా పెరగదు. కుర్చీ వెనక దాక్కునే వస్తువుల కోసం బేక్ చేయడం దండగ. దాచే పని గోడలదే.

Smallest Hole అంటే ఇంతకన్నా చిన్న సందులోంచి చూపు వెళ్లదని అనుకో అని చెప్పడం. పావు మీటరు మామూలుగా సరే. కానీ మీ ఆసుపత్రిలో తలుపు కాస్త తెరిచి తొంగిచూసే సన్నివేశమో, గోడలో చిన్న మందుల కిటికీయో ఉంటే, ఆ సందు పావు మీటరు కన్నా సన్నమైతే, అవతలి గది ఉన్నట్టుండి మాయమైపోవచ్చు. కళ్లెదుట కనిపించాల్సిన వస్తువు మాయమవుతోందంటే మొదటి అనుమానం ఈ అంకె మీద. రెండో అనుమానం, బేక్ చేశాక ఎవరో ఆ వస్తువునో గోడనో జరిపి ఉంటారన్నది.

దీనికి ఎదురు సమస్య ఎక్కువ ఇబ్బంది పెడుతుంది: బేక్ అయింది, ఎర్రర్ ఏదీ లేదు, కానీ ఏమీ తగ్గడం లేదు. నేను ఒక చోట పనిచేసినప్పుడు రెండు రోజులు దీని మీదే పోయాయి. ఆఫీసు ఫ్లోర్ లెవెల్ అది. గోడలన్నిటికీ Occluder Static, అంటే ఇది వేరేవాటిని దాచగలదని చెప్పే టిక్ ఉంది. బేక్ డేటా వచ్చింది. అయినా ఏ గదిలో నిలబడ్డా ఫ్లోర్ అంతా గీస్తోంది. చివరికి Occlusion విండోలో Visualization ట్యాబ్ పెట్టి, సీన్ వ్యూలో Visibility Lines ఆన్ చేసి కెమెరాను గదిలో పెట్టి చూస్తే, గీతలన్నీ గోడల పై అంచు మీదుగా పక్క గదుల్లోకి పోతున్నాయి. గోడల ఎత్తు 2.7 మీటర్లు, అసలు శ్లాబు 3.5 మీటర్ల దగ్గర. మధ్యలో ఫాల్స్ సీలింగ్ ఉంది కాబట్టి ఆటలో ఆ సందు కంటికి కనిపించదు. కానీ సీలింగ్ పలకల్ని ఎవరో అలంకరణ వస్తువుల్లో చేర్చి, Occluder Static టిక్ తీసేశారు. అంబ్రాకి సీలింగ్ లేనట్టే. 0.8 మీటర్ల సందు ఫ్లోర్ అంతటా తెరిచే ఉంది. ప్రతి గదీ ప్రతి గదినీ "చూస్తోంది". సీలింగ్ పలకలకు ఆ టిక్ పెట్టి మళ్లీ బేక్ చేయగానే సరైపోయింది.

ఆసుపత్రి ఫ్లోర్‌లో ఫాల్స్ సీలింగ్ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, బేక్ నొక్కే ముందు మీరు అక్కడే చూడండి.

ఏ పద్ధతీ తీసేయలేని వస్తువులు కూడా కొన్ని ఉంటాయి. ఫ్లోర్ మొత్తానికి ఒకే మెష్‌గా కలిపేసిన ఏసీ డక్టు, ఒకే ముక్కగా ఉన్న టైల్స్ నేల, గోడల చుట్టూ ఒకే మెష్‌గా తిరిగే స్కర్టింగ్. ఇంజిన్ వస్తువును ముక్కలు చేసి చూడదు. దాని పెట్టెలో ఒక మూల కనిపించినా మొత్తం గీయాల్సిందే. డ్రా కాల్స్ తగ్గుతాయని ఆర్టిస్టులు మొత్తం కలిపేస్తుంటారు. గది వరకు కలపండి, గది దాటి కలపవద్దు. యూనిటీ స్టాటిక్ బ్యాచింగ్‌తో ఈ ఇబ్బంది లేదు, అది కలిపినా ఒక్కో రెండరర్‌ని విడిగానే కల్ చేస్తుంది. చేత్తో, లేదా 3డి సాఫ్ట్‌వేర్‌లో ఒకే మెష్‌గా చేసి తెచ్చినవాటితోనే సమస్య.

తలుపుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ లెక్క మొత్తం తలుపుల మీదే నిలబడి ఉంది. పైన చేసిన లెక్కలో 32లో 20 వస్తువులు ఒక్క తలుపులోంచి వచ్చినవే. తలుపు కదిలే వస్తువు కాబట్టి బేక్‌లోకి రాదు. బేక్ దృష్టిలో ప్రతి తలుపూ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మూసి ఉన్న తలుపు వెనకున్న గదిని కూడా ఊరికే గీస్తూ ఉంటుంది. దీనికి యూనిటీలో Occlusion Portal అనే కాంపొనెంట్ ఉంది. తలుపు చట్రంలో ఒక ఖాళీ ఆబ్జెక్ట్ పెట్టి, దానికి ఈ కాంపొనెంట్ తగిలించి, దాని పెట్టెను తలుపు సందంతా నిండేలా సరిచేయాలి. ఆ ఆబ్జెక్ట్‌కి Occluder Static గాని, వేరేవాటి వెనక దాక్కోగలదని చెప్పే Occludee Static గాని టిక్ ఉండకూడదు. బేక్ అయ్యాక తలుపు స్క్రిప్టులో:

```
// తలుపు తెరవడం మొదలయ్యే ముందు
portal.open = true;

// తలుపు పూర్తిగా మూసుకున్నాక
portal.open = false;
```

ఈ వరస తప్పకూడదు. మూసే యానిమేషన్ మొదలవగానే `false` చేస్తే, తలుపు ఇంకా సగం తెరిచి ఉండగానే అవతలి గది మాయమై, ఆ సందులో స్కైబాక్స్ రంగు కనిపిస్తుంది. అలాగే గాజు తలుపులకీ, అద్దాల కిటికీలకీ Occluder Static టిక్ తీసేయండి. పారదర్శకమైనదని ఇంజిన్ దానంతట అది గుర్తించదు, గాజు వెనకున్నదాన్ని కూడా దాచేస్తుంది. Occludee Static మాత్రం ఉంచవచ్చు.

కదిలే వస్తువులు, నర్సులూ స్ట్రెచర్లూ, దాక్కోగలవు గాని దాచలేవు. రెండరర్‌లో Dynamic Occlusion టిక్ ఉంటే గోడ వెనకున్న నర్సును గీయడం ఆపుతుంది. తెర నిండా అడ్డొచ్చిన స్ట్రెచర్ మాత్రం దాని వెనకున్నవాటిని దాచదు.

ఆసుపత్రిలో అక్లూజన్‌కి ఎదురు తిరిగే చోటు ఒకటుంది, పొడవాటి కారిడార్. ఈ చివర నిలబడి ఆ చివరి దాకా చూస్తే, రెండు వైపులా తెరిచిన తలుపులన్నీ వరసగా కనిపిస్తాయి. ఒక్కో తలుపులోంచి కనిపించేది ఏటవాలుగా సన్నటి ముక్కే, కానీ ఆ ముక్కలో పెట్టె అంచు తగిలినా వస్తువు లెక్కలోకి వస్తుంది. పైగా బేక్ గడి గడిగా జరుగుతుంది. గడిలో ఏ మూల నుంచైనా కనిపించే అవకాశం ఉన్నదంతా ఉంచాల్సి వస్తుంది కాబట్టి, కారిడార్‌లో అసలు కనిపించేదానికన్నా ఎక్కువే మిగులుతుంది. ఇలాగే మధ్యలో గోడలు లేని పెద్ద హాలు, అంటే మీ వెయిటింగ్ హాలు లాంటిది, దాదాపు పూర్తిగా ఫ్రస్టమ్ మీదే నడుస్తుంది. అక్కడ అక్లూజన్ నుంచి ఏమీ ఆశించకండి. ఆ హాల్లో వస్తువుల్ని తగ్గించడమో, దూరంలో ఉన్నవాటికి తేలికైన మెష్‌లు పెట్టడమో చేయాలి.

నీడల విషయం కూడా గుర్తుంచుకోండి. పాయింట్ లైట్‌కి రియల్‌టైమ్ నీడలు పెడితే, ఆ లైటు చుట్టూ ఆరు దిక్కులకీ విడిగా నీడ చిత్రం గీస్తారు. కెమెరాకి కనిపించని వస్తువు కూడా కనిపించే చోట నీడ వేయవచ్చు కాబట్టి, కెమెరా ఫ్రస్టమ్ బయట ఉందన్న కారణంతో దాన్ని ఆ చిత్రంలోంచి తీసేయలేరు. మంచి బేక్ చేశాక కూడా Batches వందల్లో ఉంటే, గదికో రియల్‌టైమ్ పాయింట్ లైట్ ఉందేమో చూడండి. Frame Debugger తెరిస్తే నీడల భాగం విడిగా కనిపిస్తుంది.

కొలవడం ఇలా చేయండి. లెవెల్‌లో నాలుగు చోట్లు ఎంచుకోండి: మధ్య గది, మూల గదిలో నిలబడి లోపలి వైపు చూపు, కారిడార్ చివర, వెయిటింగ్ హాలు. ప్రతి చోటా కెమెరాను కదలకుండా పెట్టి, కెమెరా ఇన్‌స్పెక్టర్‌లో Occlusion Culling టిక్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి Stats ప్యానెల్‌లో Batches, Tris రాసుకోండి. ఫ్రస్టమ్‌ని ఆపే టిక్ లేదు కాబట్టి దాని ప్రభావం చూడాలంటే, Occlusion Culling టిక్ తీసేసి కెమెరాను ఉన్నచోటే గుండ్రంగా తిప్పండి. దిక్కును బట్టి అంకె ఎంత ఊగుతుందో అదే ఫ్రస్టమ్ చేస్తున్న పని. మళ్లీ టిక్ పెట్టి తిప్పండి. ఊగడం బాగా తగ్గితే బేక్ సరిగ్గా పనిచేస్తున్నట్టే. సీపీయూ సమయాన్ని మాత్రం ఎడిటర్‌లో నమ్మకండి, బిల్డ్ చేసి, అసలు ఫోన్ మీద ప్రొఫైలర్ తగిలించి చూడండి. అక్లూజన్ పరీక్షకి కూడా కొంత సమయం పడుతుంది. హాలు లాంటి చోట అది తిన్న సమయం, తిరిగిచ్చిన సమయం కన్నా ఎక్కువ కావచ్చు.

మీ టీమ్‌లో ఎవరైనా అన్‌రియల్ వాడుతుంటే, అక్కడ `stat initviews` అని కొడితే ఫ్రస్టమ్ తీసేసినవి, అక్లూజన్ తీసేసినవి విడివిడిగా కనిపిస్తాయి. అక్కడ కూడా ఫ్రస్టమ్ ముందు జరుగుతుంది కాబట్టి అవే అంకెల తికమక ఉంటుంది. `freezerendering` కొట్టి కెమెరాను గోడ దాటించి అవతలికి తీసుకెళ్తే, నిజంగా ఏవి మిగిలాయో కళ్లతో చూడవచ్చు. అక్కడ మామూలుగా జరిగే అక్లూజన్ బేక్ కాదు, జీపీయూని అడిగి తెలుసుకునేది. జవాబు ఒక ఫ్రేమ్ ఆలస్యంగా వస్తుంది. అందుకే తలుపు తోసుకుని వేగంగా లోపలికి తిరిగినప్పుడు వస్తువులు ఒక క్షణం ఆలస్యంగా ప్రత్యక్షమవడం అక్కడ కనిపించవచ్చు. బేక్ చేసిన పద్ధతిలో ఆ ఆలస్యం ఉండదు.

మీ ఫ్లోర్‌కి నేనైతే ఒక పని అదనంగా చేస్తాను. పెద్ద ఆసుపత్రుల కారిడార్లలో మధ్యమధ్య అగ్నిప్రమాదాల కోసం రెండు రెక్కల తలుపులు ఉంటాయి. మీ కారిడార్‌లో ప్రతి 15, 20 మీటర్లకి అలాంటి జత ఒకటి, మామూలుగా మూసి ఉండేలా పెట్టి, ప్రతిదానికీ ఒక Occlusion Portal తగిలించండి. రెక్కల్లో గాజు పెట్టకండి, పెడితే పోర్టల్ మూయడం కుదరదు. కారిడార్ చివర నిలబడినప్పుడు ఆ తలుపులు మూసి ఉంటే, వాటి అవతల ఉన్న గదులన్నీ లెక్కలోంచి పోతాయి. నాలుగు కొలతల్లో కారిడార్ దగ్గర మీరు రాసుకున్న అంకె ఎంత తగ్గిందో చూసి, తలుపుల మధ్య దూరాన్ని అప్పుడు నిర్ణయించుకోండి.